వరుస తప్పింది ఎక్కడి నుంచి ఎక్కడి దాకా?

తెలుగు అక్షరమాల చార్టులో చివరి వరుస ఎలా సాగుతుందో బడికి వెళ్లిన ఎవరినడిగినా చెబుతారు: య ర ల వ శ ష స హ ళ క్ష ఱ. ఇవే అక్షరాలను కంప్యూటరు తన దగ్గరున్న సంఖ్యల ప్రకారం పేర్చితే క్రమం మారిపోతుంది. ర పక్కన ఱ వచ్చి చేరుతుంది, ల పక్కన ళ చేరుతుంది, ఆ తర్వాతే వ, శ, ష, స, హ వస్తాయి. కంప్యూటరుకు ప్రతి అక్షరమూ ఒక సంఖ్యే. యూనికోడ్ పట్టికలో య సంఖ్య 3119, ర 3120, ఱ 3121, ల 3122, ళ 3123. ఇప్పుడు వాడుకలో లేని ఴ అనే పాత అక్షరానికి 3124 కేటాయించారు. వ 3125తో మొదలై శ, ష, స మీదుగా హ 3129 దగ్గర ఆగుతుంది. పైథాన్ తెలిసినవాళ్లు `ord("ఱ")` అని టైప్ చేస్తే 3121 అని జవాబు వస్తుంది. చార్టులో ఉన్న క్ష మాత్రం క, ష కలిసిన సంయుక్తాక్షరం. దానికి సొంత సంఖ్య లేదు కాబట్టి ఈ లెక్కలోకి రాదు.

ఈ తేడాకు కారణం ఉంది. యూనికోడ్‌లో భారతీయ లిపుల పట్టికలు 1988 నాటి ఇస్కీ ప్రమాణాన్ని ఆధారంగా చేసుకుని తయారయ్యాయి. హిందీ, తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం వంటి లిపులన్నిటికీ ఒకే చట్రం వేసి, ఒకే ధ్వని ఉన్న అక్షరం ప్రతి లిపిలోనూ ఒకే స్థానంలో ఉండేట్టు అమర్చారు. ఆ ఉమ్మడి చట్రంలో ఱ చోటు ర పక్కన, ళ చోటు ల పక్కన. చార్టు మన సంప్రదాయాన్ని పాటించింది, పట్టిక ఉమ్మడి చట్రాన్ని పాటించింది.

ఇప్పుడు ఒక పని పెట్టుకుందాం. చార్టు క్రమంలో ఉన్న ఈ పది అక్షరాల జాబితాను సంఖ్యల క్రమంలోకి తేవాలి. అయితే జాబితా మొత్తాన్నీ కదపకూడదు. అందులోంచి పక్కపక్కనే ఉన్న ఒకే ఒక్క ముక్కను ఎంచుకుని, దాన్ని మాత్రమే సార్ట్ చేయాలి. ముక్కకు ముందున్నవీ తర్వాతున్నవీ ఉన్నచోటే ఉండాలి. అయినా చివరికి జాబితా అంతా సరైన వరుసలో రావాలి. అలాంటి ముక్కల్లో అతి చిన్నది ఏది?

ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లకు ఇది బాగా పరిచయమున్న ప్రశ్న. గేల్ లాక్‌మన్ మెక్‌డవెల్ రాసిన ఇంటర్వ్యూ పుస్తకం ‘క్రాకింగ్ ది కోడింగ్ ఇంటర్వ్యూ’లో ఇది ‘సబ్ సార్ట్’ అన్న పేరుతో ఉంది. లీట్‌కోడ్‌లో 581వ సమస్య కూడా ఇదే. చదవగానే జవాబు తట్టినట్టే ఉంటుంది. అలా తట్టే మొదటి జవాబు దాదాపు ఎప్పుడూ తప్పే అవుతుంది. ఆ తప్పు ఎందుకు జరుగుతుందో చూస్తే సమస్య లోపలి తీరు సగం అర్థమవుతుంది.

జాబితాను సంఖ్యల్లో రాసుకుందాం.

```
య     ర     ల     వ     శ     ష     స     హ     ళ     ఱ
3119  3120  3122  3125  3126  3127  3128  3129  3123  3121
```

ఎడమ నుంచి చదువుకుంటూ వెళితే ఎనిమిదో అక్షరం హ వరకు సంఖ్యలు పెరుగుతూనే ఉన్నాయి. హ నుంచి ళకు వచ్చేసరికి 3129 కాస్తా 3123కి పడిపోయింది. ళ నుంచి ఱకు వచ్చేసరికి మళ్లీ పడిపోయింది. మొత్తం మీద రెండే రెండు చోట్ల దిగుడు ఉంది. మొదటి దిగుడు హ దగ్గర మొదలైంది, చివరి దిగుడు ఱ దగ్గర ముగిసింది. కాబట్టి హ, ళ, ఱ అనే మూడక్షరాల ముక్కను సర్దితే చాలని అనిపిస్తుంది.

సర్ది చూద్దాం. ఆ మూడూ ఱ, ళ, హ అవుతాయి. ముక్క లోపల అంతా బాగుంది. కానీ ముక్కకు ముందున్న స సంఖ్య 3128. దాని పక్కనే ఇప్పుడు 3121 సంఖ్య ఉన్న ఱ వచ్చి నిలబడింది. దిగుడు పోలేదు, ఒక అడుగు ఎడమకు జరిగింది, అంతే. ఱ చేరాల్సింది ర పక్కకు, అంటే మూడో స్థానానికి. అది అక్కడికి వెళ్లాలంటే ల, వ, శ, ష, స, హ అన్నీ జరిగి చోటివ్వాలి. తమలో తాము చక్కగా వరుసలోనే ఉన్న అక్షరాలు కూడా, తమకు సంబంధం లేని ఒక అక్షరం కారణంగా ముక్కలోకి రావాల్సిందే. ఈ సమస్యకు కీలకం ఇక్కడే ఉంది. దిగుడు కనిపించిన చోటు వేరు, ఆ దిగుడుకు కారణమైన అక్షరం అసలు చేరాల్సిన చోటు వేరు. ఈ రెండింటి మధ్య ఎంత దూరమైనా ఉండొచ్చు.

మరి సరైన జవాబు ఏది? అందరికీ తోచేదీ, నమ్మదగినదీ అయిన దారి ఒకటి ఉంది. జాబితాకు ఒక నకలు తీసి, ఆ నకలును పూర్తిగా సార్ట్ చేసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చడం.

```
చార్టు     య  ర  ల  వ  శ  ష  స  హ  ళ  ఱ
సర్దినది   య  ర  ఱ  ల  ళ  వ  శ  ష  స  హ
```

మొదటి రెండు అక్షరాలూ రెండింట్లోనూ ఒకటే. మూడో స్థానంలో తేడా మొదలైంది, పదో స్థానం దాకా సాగింది. కాబట్టి ముక్క మూడు నుంచి పది వరకు, నిడివి ఎనిమిది.

ఇంతకంటే చిన్న ముక్క ఎందుకు కుదరదో ఈ పోలికలోనే తెలిసిపోతుంది. మూడో స్థానంలో చివరికి ఱ ఉండాలి, ఇప్పుడు ల ఉంది. ముక్కలో లేని స్థానాన్ని మనం ముట్టుకోం కాబట్టి, మూడో స్థానం ముక్కలో ఉండి తీరాలి. పదో స్థానంలో హ ఉండాలి, ఇప్పుడు ఱ ఉంది. అదీ ముక్కలో ఉండి తీరాలి. ముక్క విడిపోకుండా ఒకటిగా ఉండాలన్నది షరతు కనుక మధ్యలోవన్నీ వాటంతట అవే లోపలికి వస్తాయి. ఆ మధ్యవాటిలో కొన్ని అప్పటికే తమ చోట ఉన్నా ఆ షరతు వాటిని వదలదు. 30, 20, 10 అనే మూడు సంఖ్యల్లో 20 ఉండాల్సిన చోటే ఉంది. అయినా దాన్ని వదిలేసి రెండు పక్కలవాటినే ముక్క అనలేం. ఇక మొదటి తేడాకు ముందు, చివరి తేడా తర్వాత రెండు జాబితాలూ ఒకటే కాబట్టి అంతకంటే పెద్ద ముక్క అవసరం లేదు. అందుకే ఈ సమస్యకు జవాబు ఎప్పుడూ ఒక్కటే. రెండు వేర్వేరు చోట్ల సమానమైన చిన్న ముక్కలు దొరికే అవకాశమే లేదు.

నకలు తీసి పోల్చే పద్ధతిలో తప్పు లేదు. ఖర్చు మాత్రం ఉంది. పది అక్షరాలకు అది లెక్కలోకి రాదు. పది లక్షల సంఖ్యలున్న జాబితాను మామూలుగా సార్ట్ చేయాలంటే సుమారు 2 కోట్ల పోలికలు పడతాయి. దానికి తోడు నకలు కోసం మరో పది లక్షల సంఖ్యలు పట్టేంత చోటు కావాలి. ఏ భాగాన్ని సర్దాలో తెలుసుకోవడానికి ముందే మొత్తం సర్దేయడం చూస్తే, ఇంకో దారి ఉండాలి కదా అనిపిస్తుంది.

ఉంది. దానికి సార్ట్ చేయడం అక్కర్లేదు, నకలూ అక్కర్లేదు. జాబితాను రెండుసార్లు చదివితే చాలు: ఒకసారి ఎడమ నుంచి కుడికి, ఒకసారి కుడి నుంచి ఎడమకు.

బడి ప్రార్థనలో పిల్లలు ఎత్తు ప్రకారం నిలబడ్డారనుకుందాం, ముందు పొట్టివాళ్లు, వెనక్కి వెళ్లేకొద్దీ పొడుగువాళ్లు. వ్యాయామం మాస్టారు ముందు నుంచి నడుచుకుంటూ, ఇప్పటిదాకా తాను చూసినవాళ్లలో అందరికంటే పొడుగు ఎవరో గుర్తుపెట్టుకుంటారు. ఎదురైన పిల్లవాడు ఆ పొడుగువాడికంటే పొట్టి అయితే, వాడికి ముందు తనకంటే పొడుగైనవాడు ఎవరో ఉన్నారన్నమాట. అంటే వాడి చోటు అది కాదు. అలాంటివాడు కనిపించిన ప్రతిసారీ మాస్టారు ఆ చోటును గుర్తుంచుకుని పాతదాన్ని మరిచిపోతారు. వరుస అయిపోయాక ఆయన మనసులో మిగిలిన చోటే ముక్కకు కుడి అంచు. దాని తర్వాత ఉన్న ప్రతివాడూ తన ముందున్న అందరికంటే పొడుగు, లేదా సమానం. వాళ్లను కదపనక్కర్లేదు.

వెనక నుంచి ముందుకు వచ్చేటప్పుడు ఇదే పని తిరగబడుతుంది. ఈసారి గుర్తుపెట్టుకోవాల్సింది అందరికంటే పొట్టివాణ్ణి. ఎదురైనవాడు ఆ పొట్టివాడికంటే పొడుగైతే వాడి చోటు తప్పు. అలా చివరిసారి గుర్తుపెట్టుకున్న చోటు ఎడమ అంచు.

మన అక్షరాల మీద ఇది నడిపి చూద్దాం. ఎడమ నుంచి వెళితే య, ర, ల, వ, శ, ష, స, హ ఒక్కొక్కటీ అంతకుముందున్న గరిష్ఠాన్ని దాటుతూ వచ్చాయి. హ దగ్గర గరిష్ఠం 3129. తొమ్మిదోదైన ళ 3123, గరిష్ఠం కంటే తక్కువ. గుర్తు తొమ్మిది. పదోదైన ఱ 3121, అదీ తక్కువే. గుర్తు పదికి మారింది. జాబితా అయిపోయింది, కుడి అంచు పది.

ఇప్పుడు కుడి నుంచి వెనక్కి. ఱ దగ్గర కనిష్ఠం 3121. ళ అంతకంటే ఎక్కువ, గుర్తు తొమ్మిది. హ కూడా ఎక్కువ, గుర్తు ఎనిమిది. స, ష, శ, వ అన్నీ అంతే. మూడోదైన ల 3122 కూడా 3121 కంటే ఒక్కటి ఎక్కువ, గుర్తు మూడు. రెండోదైన ర 3120. ఇది కనిష్ఠం కంటే చిన్నది, అంటే ఇది తన చోట ఉన్నట్టే. ఇక ఇదే కొత్త కనిష్ఠం. య దానికంటే చిన్నది. ఎడమ అంచు మూడు దగ్గర నిలిచింది. పదిలోంచి మూడు తీసి ఒకటి కలిపితే ఎనిమిది.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ముందుకు నడిచినప్పుడు తప్పు పట్టినవి ళ, ఱ రెండే. వెనక్కి నడిచినప్పుడు తప్పు పట్టినవి ఏడు: ళ, హ, స, ష, శ, వ, ల. ఒకే జాబితా రెండు వైపుల నుంచి చూస్తే రెండు రకాలుగా కనిపిస్తోంది. మొదటి నడక తనకు ముందు పెద్దది ఉన్నవాటిని పడుతుంది, రెండో నడక తన తర్వాత చిన్నది ఉన్నవాటిని పడుతుంది. రెంటికీ చిక్కింది ళ ఒక్కటే, ఎందుకంటే దానికి ముందు వ నుంచి హ దాకా పెద్దవి ఉన్నాయి, తర్వాత ఱ అనే చిన్నది ఉంది. ఒక్క నడకతో సరిపెట్టుకోవాలనుకునేవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. ఒక్కో నడక ఒక్కో అంచునే చెబుతుంది, రెండో అంచు గురించి దానికి ఏమీ తెలియదు.

పైథాన్‌లో రాస్తే ఇది ఇంత చిన్నగా ఉంటుంది.

```python
def stretch(a):
    left, right = 0, -1
    big = float("-inf")
    for i in range(len(a)):
        if a[i] < big:
            right = i
        else:
            big = a[i]
    small = float("inf")
    for i in range(len(a) - 1, -1, -1):
        if a[i] > small:
            left = i
        else:
            small = a[i]
    return right - left + 1
```

పైథాన్ స్థానాలను సున్నా నుంచి లెక్కపెడుతుంది కాబట్టి మన మూడు, పది అక్కడ రెండు, తొమ్మిది అవుతాయి. నిడివి మాత్రం అదే ఎనిమిది. మొదటి వరుసలో `right` విలువ -1 అని పెట్టడం వెనుక ఒక కారణం ఉంది. జాబితా అప్పటికే సరైన వరుసలో ఉంటే రెండు నడకలూ ఏ గుర్తూ పెట్టవు. అప్పుడు -1లోంచి 0 తీసి 1 కలిపితే 0 వస్తుంది. సర్దాల్సింది ఏమీ లేదన్న జవాబు, దానికోసం విడిగా ఒక షరతు రాయకుండానే వచ్చేసింది. అక్కడ -1 బదులు 0 పెడితే, చక్కగా ఉన్న జాబితాకు కూడా ఒక నిడివి ముక్క సర్దాలని ప్రోగ్రాం చెబుతుంది.

పది లక్షల సంఖ్యలకు ఈ పద్ధతిలో అయ్యే పోలికలు 20 లక్షలు. అదనపు చోటు నాలుగైదు సంఖ్యలకు సరిపడితే చాలు.

సమానమైన విలువలు వచ్చినప్పుడు జాగ్రత్త పడాలి. పరీక్ష మార్కులు 35, 48, 48, 60 అని ఉంటే జాబితా సరిగ్గానే ఉంది, కదపాల్సింది లేదు. కానీ పై ప్రోగ్రాంలో `<` ఉన్న చోట పొరపాటున `<=` రాస్తే, రెండో 48ని చూడగానే అది చోటు తప్పిందని గుర్తు పెడుతుంది. మరోవైపు 35, 48, 48, 41, 60 తీసుకుంటే దిగుడు ఒక్కటే, మూడో స్థానం నుంచి నాలుగో స్థానానికి. 41 చేరాల్సింది రెండో స్థానానికి కాబట్టి రెండు 48లూ ముక్కలోకి వస్తాయి, నిడివి మూడు. ఇక్కడ ఇంకో విషయం కూడా పట్టించుకోవాలి. ఆ రెండు 48లు ఇద్దరు వేర్వేరు విద్యార్థులవి అనుకుంటే, ముక్కను సర్దే పద్ధతి వాళ్లిద్దరి ముందువెనకలను మార్చకూడదు. సమానమైనవాటి పాత క్రమాన్ని కాపాడే సార్టింగును స్టేబుల్ సార్ట్ అంటారు. ముక్కను దేనితో సర్దినా సంఖ్యలు ఒకేలా కనిపిస్తాయి, పేర్లు మాత్రం తారుమారు కావచ్చు.

ఈ రెండు నడకల ఆలోచనకు పాత చుట్టాలున్నారు. కంప్యూటర్ క్లాసులో మొదట నేర్పే బబుల్ సార్ట్ ఏం చేస్తుందో గుర్తు తెచ్చుకోండి. ఎడమ నుంచి మొదలుపెట్టి పక్కపక్క జతలను చూస్తూ, ముందున్నది పెద్దదైతే రెంటినీ తారుమారు చేస్తుంది. అలా ఒక్క విడతలో, అప్పటిదాకా చూసినవాటిలో అతి పెద్దది కుడికి కొట్టుకుపోతూ ఉంటుంది. తారుమారు జరిగిందంటే, అక్కడున్న సంఖ్య అప్పటివరకు వచ్చిన గరిష్ఠం కంటే చిన్నదని అర్థం. మన మొదటి నడక అడిగేది అచ్చంగా అదే ప్రశ్న. కాబట్టి బబుల్ సార్ట్ మొదటి విడతలో చివరి తారుమారు ఎక్కడ ఆగిందో అదే మన ముక్కకు కుడి అంచు. డొనాల్డ్ నూత్ 1973లో వెలువరించిన ‘ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’ మూడో సంపుటంలోని బబుల్ సార్ట్ ప్రతి విడతలోనూ ఈ చివరి తారుమారు చోటును గుర్తుపెట్టుకుంటుంది. దాని అవతల అంతా కుదురుకుంది కనుక తర్వాతి విడతను అంతకు మించి పోనివ్వదు. మన నడకకూ దానికీ ఉన్న తేడా ఒక్కటే, మనం దేన్నీ కదపం, చూస్తాం అంతే. కదపకపోవడం వల్లే రెండో నడకకు అసలు జాబితా చెక్కుచెదరకుండా దొరుకుతుంది. బబుల్ సార్ట్ విడత తర్వాత వెనక్కి నడిస్తే జాబితా అప్పటికే మారిపోయి ఉంటుంది, ఎడమ అంచు తప్పు రావచ్చు. 1, 3, 2 అనే మూడు సంఖ్యల మీద చేసి చూసినా తెలుస్తుంది.

ఇంకో చుట్టం ఇప్పటికీ రోజూ పనిచేస్తూనే ఉంది. 2002లో టిమ్ పీటర్స్ పైథాన్ భాష కోసం టిమ్‌సార్ట్ అనే పద్ధతిని తయారు చేశారు. తర్వాత జావా కూడా దాన్ని తీసుకుంది. నిజ జీవితంలో ఎదురయ్యే జాబితాలు పూర్తిగా చిందరవందరగా ఉండవని, వాటిలో అప్పటికే వరుసగా ఉన్న పొడుగాటి భాగాలు ఉంటాయని ఆయన గమనించారు. టిమ్‌సార్ట్ ముందుగా అలాంటి భాగాలను గుర్తిస్తుంది, తర్వాత పక్కపక్కనున్న రెండేసి భాగాలను కలుపుతుంది. కలపడం మొదలుపెట్టే ముందు రెండు ప్రశ్నలు వేసుకుంటుంది. రెండో భాగంలోని మొదటి సంఖ్య మొదటి భాగంలో ఎక్కడ పడుతుంది? దానికి ముందున్నవన్నీ ఇప్పటికే తమ చోట ఉన్నాయి, వదిలేయొచ్చు. మొదటి భాగంలోని చివరి సంఖ్య రెండో భాగంలో ఎక్కడ పడుతుంది? దాని తర్వాతవన్నీ తమ చోట ఉన్నాయి, వదిలేయొచ్చు. మిగిలిన నడుమ భాగమే కలపాల్సింది. మనం వెతికిన అతి చిన్న ముక్క అచ్చంగా అదే. రెండు భాగాలూ విడివిడిగా వరుసలో ఉన్నాయి కాబట్టి మొదటి భాగపు గరిష్ఠం దాని చివర, రెండో భాగపు కనిష్ఠం దాని మొదట సిద్ధంగా ఉంటాయి, నడిచి వెతకాల్సిన పని లేదు. సమానమైన విలువలను కూడా టిమ్‌సార్ట్ ముక్క బయటే వదిలేస్తుంది, `<` దగ్గర మనం తీసుకున్న జాగ్రత్త లాంటిదే.

దీనివల్ల ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. పైథాన్‌లో పని చేసేవాళ్లు నకలు తీసి సార్ట్ చేసే పద్ధతిని ఎంచుకున్నా, జాబితా దాదాపు వరుసలోనే ఉంటే ముందు చెప్పుకున్న 2 కోట్ల పోలికలు పడవు. అందులో సింహభాగాన్ని టిమ్‌సార్ట్ తప్పించేస్తుంది. రెండు నడకల పద్ధతి గొప్పదనం అలాంటి జాబితాల మీద కంటే, బాగా కలగాపులగమైన జాబితాల మీద, నకలుకు చోటు లేని సందర్భాల్లో ఎక్కువగా కనిపిస్తుంది.

ముక్క నిడివిని చూసి జాబితా ఎంత చెడిపోయిందో అంచనా వేయాలనుకోవడం ఇంకో పొరపాటు. మన పది అక్షరాల్లో ముక్క నిడివి ఎనిమిది. ఆ లెక్కన చూస్తే అక్షరమాల చివరి వరుస దాదాపు మొత్తం తప్పుగా ఉన్నట్టే. కానీ ళ, ఱ అనే రెండు అక్షరాలను పక్కకు తీస్తే మిగతా ఎనిమిదీ సరిగ్గా వరుసలో ఉన్నాయి. జతలుగా లెక్కిస్తే మరో సంఖ్య వస్తుంది. పది అక్షరాల్లోంచి రెండేసి చొప్పున 45 జతలు ఏర్పడతాయి. వాటిలో తలకిందులైనవి ఱ వల్ల ఏడు, ళ వల్ల మరో ఐదు, మొత్తం 12 మాత్రమే. ముక్క నిడివి ఎనిమిది, తీసేయాల్సినవి రెండు, తలకిందులైన జతలు 12. ఒకే జాబితాకు మూడు కొలతలు, మూడూ నిజమే. జాబితా ఎంతవరకు వరుసలో ఉందో కొలిచే ఇలాంటి కొలమానాలను 1985లో ఫిన్లండ్ శాస్త్రవేత్త హెయ్కి మన్నిల ఒక పద్ధతి ప్రకారం పరిశీలించారు. ఏ కొలత తీసుకుంటే ఏ సార్టింగ్ పద్ధతి మెరుగ్గా నడుస్తుందన్నది ఆ పరిశీలనలో ముఖ్య విషయం.

ముక్క నిడివి అనే కొలత ఒంటరి తప్పుల మీద చాలా కఠినంగా ఉంటుంది. వెయ్యి సంఖ్యలు సరిగ్గా ఉండి, అన్నిటికంటే చిన్నది ఒక్కటి చివర్లో పడితే ముక్క నిడివి వెయ్యిన్నొకటి. అలాంటప్పుడు ముక్కను కనిపెట్టి సార్ట్ చేయడం కంటే ఆ ఒక్కదాన్ని తీసి సరైన చోట పెట్టడమే తెలివైన పని. అదే, ఎప్పటికప్పుడు సమయం ప్రకారం నమోదయ్యే చిట్టాలో కొన్ని నమోదులు కాస్త ఆలస్యంగా చేరాయనుకోండి. అవి వెళ్లాల్సిన చోటు చివరికి దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి ముక్క చిట్టా కొసకే పరిమితమవుతుంది. ముందున్న లక్షల నమోదులను ముట్టుకోనక్కర్లేదు. తప్పులు ఎన్ని ఉన్నాయన్నదాని కంటే, తప్పిపోయినది తన చోటుకు ఎంత దూరంలో పడిందన్నదే ఈ పద్ధతి లాభనష్టాలను నిర్ణయిస్తుంది.

రాసిన ప్రోగ్రాం సరైనదో కాదో తేల్చుకోవడానికి, ఖర్చు ఎక్కువని పక్కన పెట్టిన నకలు పద్ధతి పనికొస్తుంది. అది నెమ్మదైనా తప్పు చెప్పదు. -1, 0, 1 అనే మూడు విలువలతో, ఖాళీ జాబితా మొదలుకొని ఆరు నిడివి వరకు సాధ్యమయ్యే అన్ని జాబితాలనూ కంప్యూటరు చేత రాయించి, ప్రతిదాని మీద రెండు పద్ధతుల జవాబులూ పోల్చాలి. మొత్తం 1,093 జాబితాలు, కన్నుమూసి తెరిచేలోపు అయిపోతాయి. రుణ సంఖ్యను కావాలనే చేర్చాలి. చాలామంది గరిష్ఠాన్ని సున్నాతో మొదలుపెడతారు, జాబితాలో అన్నీ ధన సంఖ్యలే ఉంటే ఆ పొరపాటు ఎన్నటికీ బయటపడదు. -1 అనే ఒక్క సంఖ్యే ఉన్న జాబితా దాన్ని వెంటనే పట్టిస్తుంది. `<=` పొరపాటుకు రెండు సంఖ్యలు కావాలి: -1, -1. దిగుళ్లను మాత్రమే చూసి ముక్కను తేల్చే మొదటి ఆలోచన మూడు సంఖ్యల దగ్గర దొరికిపోతుంది: 0, -1, -1. అందులో దిగుడు మొదటి రెండింటి మధ్యే ఉంది కాబట్టి ఆ పద్ధతి నిడివి రెండు అంటుంది, నకలు పద్ధతి మూడు అంటుంది.